వేళ్లు పోయాక మొదటి ప్రశ్న: ఈఎస్ఐ ఉందా, లేదా?

రాత్రి షిఫ్టులో పవర్ ప్రెస్ మీద పని. రేకు పెట్టి, చెయ్యి వెనక్కి తీసి, పెడల్ తొక్కాలి. గంటకు ఇన్ని ముక్కలని టార్గెట్ ఉంటుంది కాబట్టి చెయ్యీ కాలూ ఒక లయలో పడిపోతాయి. ఎక్కడో ఒక్కసారి ఆ లయ తప్పుతుంది. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు మొదలంటా డైలోనే ఉండిపోతాయి. గుడ్డ చుట్టి, సూపర్‌వైజర్ బండి మీద దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్తాడు. కౌంటర్ దగ్గర "ఏం జరిగింది?" అని అడిగితే ఆ సూపర్‌వైజరే చెప్తాడు: "ఇంట్లో తలుపు సందులో పడ్డాయండీ."

నష్టపరిహారం గొడవల్లో సగం ఆ ఒక్క వాక్యం దగ్గరే మొదలవుతాయి. కేస్ షీట్‌లో అది అలాగే ఎక్కుతుంది. నొప్పితో ఉన్న మనిషి దాన్ని చదవడు, చదివే స్థితిలోనూ ఉండడు. ఏడాది తర్వాత అదే కాగితం అతని ముందుకు వస్తుంది.

ఆ కాగితం సంగతికి మళ్లీ వద్దాం. ముందు అసలు చిక్కుముడి చూడాలి. పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి మన చట్టంలో రెండు దారులున్నాయి. ఒకటి ఈఎస్ఐ. ఇది బీమా, డబ్బు ఈఎస్ఐ కార్పొరేషన్ ఇస్తుంది. రెండోది ఉద్యోగుల నష్టపరిహారం. ఇక్కడ డబ్బు యజమాని జేబులోంచి రావాలి, రాకపోతే కార్మిక శాఖలోని కమిషనర్ ఇప్పిస్తాడు. మొదటిదానికి 1948 నాటి చట్టం, రెండోదానికి 1923 నాటి చట్టం ఆధారం. 2025 నవంబరు 21 నుంచి ఈ రెండూ 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయాయి. అంతకుముందు జరిగిన ప్రమాదాలకు మాత్రం పాత చట్టాలే.

చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే, ఈ రెండు దారులూ ఒకే మనిషికి ఉండవు. ఈఎస్ఐ పరిధిలో ఉన్నవాడు అదే దెబ్బకు యజమాని మీద నష్టపరిహారం కేసు వేయడానికి వీల్లేదు. 1996లో ఏ. ట్రెహాన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చి చెప్పింది. అయినా తెలిసీ తెలియని సలహా విని నష్టపరిహారం కేసు వేసి, రెండేళ్లు వాయిదాలకు తిరిగాక "నువ్వు ఈఎస్ఐ కిందకి వస్తావు, ఇక్కడ కుదరదు" అనిపించుకున్నవాళ్లను నేను చూశాను. అందుకే నా దగ్గరికి ఎవరొచ్చినా దెబ్బ ఎలా తగిలిందని తర్వాత అడుగుతాను. ముందు అడిగేది జీతం ఎంత, అక్కడ ఎంతమంది పని చేస్తారు అని.

ఫ్యాక్టరీలో పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉండి, మీ నెల జీతం 21,000 రూపాయలు దాటకపోతే మీరు ఈఎస్ఐ మనిషి. వైకల్యం ఉన్నవాళ్లకు ఈ పరిమితి 25,000. ఇక్కడ ఒక అపోహ గట్టిగా నాటుకుపోయింది: "నా జీతంలో ఈఎస్ఐ కోయడం లేదు, కాబట్టి నాకు ఈఎస్ఐ లేదు" అని. అది తప్పు. కోయడం, కట్టడం యజమాని బాధ్యత. ఇప్పుడు మన జీతంలోంచి 0.75 శాతం, యజమాని వాటాగా 3.25 శాతం. వాడు కట్టకపోయినా, మీ పేరే ఎక్కించకపోయినా, సంస్థ చట్టం పరిధిలోకి వస్తే మీ హక్కు పోదు. కార్పొరేషన్ మీకు చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది. పనిలో చేరిన మొదటి రోజే దెబ్బ తగిలినా ఇదే వర్తిస్తుంది. జబ్బు చేస్తే ఇచ్చే డబ్బుకు ఇన్ని రోజులు కట్టి ఉండాలనే షరతు ఉంది గానీ, పనిలో తగిలిన దెబ్బకు ఆ షరతు లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పైన చెప్పిన మనిషికి 30 ఏళ్లు, జీతం 18,000 అనుకుందాం. ఒక చేతి రెండు వేళ్లు పోతే చట్టంలోని షెడ్యూల్ ప్రకారం సంపాదించే శక్తిలో నష్టం 20 శాతం. రెండు నెలలు పనికి వెళ్లలేకపోయాడు.

ముందు అతనికి ఈఎస్ఐ లేదనుకుందాం. ఆ వర్క్‌షాపులో ఉన్నది ఆరుగురే. అప్పుడు నష్టపరిహారం లెక్క ఇలా నడుస్తుంది. జీతం 18,000 అయినా లెక్కలోకి 15,000 మాత్రమే తీసుకుంటారు. 2020 జనవరి 3 నుంచి అమల్లోకి వచ్చిన సీలింగ్ అది. పూర్తి వైకల్యమైతే అందులో 60 శాతం, అంటే 9,000. దాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. 30 ఏళ్లకు ఆ గుణకం 207.98. వచ్చేది 18,71,820 రూపాయలు. మనవాడి నష్టం 20 శాతం కాబట్టి అతనికి రావాల్సింది 3,74,364 రూపాయలు. వయసు పెరిగేకొద్దీ గుణకం తగ్గుతుంది: 20 ఏళ్లకు 224, 50 ఏళ్లకు 153.09.

దీనికి తోడు, పనికి వెళ్లలేని రోజులకు పదిహేను రోజులకోసారి నెల జీతంలో పావు వంతు ఇవ్వాలి. ఇక్కడ 3,750 చొప్పున, రెండు నెలలకు 15,000. ఇది యజమాని ఇచ్చి ఉంటే, తర్వాత వచ్చే పెద్ద మొత్తంలోంచి తగ్గించుకోవచ్చు. ఆసుపత్రి ఖర్చు సంగతి వేరు. అయిన ఖర్చంతా యజమానే భరించాలి, దాన్ని నష్టపరిహారంలోంచి కోసుకోవడానికి వీల్లేదు. "ఆసుపత్రికి లక్షన్నర పెట్టాను, ఇంకా ఏమివ్వాలి?" అని యజమానులు అమాయకంగా అడుగుతుంటారు. కొందరిది నిజంగానే అమాయకత్వం. చట్టం మాత్రం ఆ లక్షన్నరను నష్టపరిహారంగా లెక్కపెట్టదు.

ఇంకో మాట. ఈ డబ్బు కమిషనర్ తీర్పు ఇచ్చిన రోజు నుంచి కాదు, దెబ్బ తగిలిన రోజు నుంచే బాకీ. నెలలోపు ఇవ్వకపోతే పాత చట్టంలో ఏడాదికి 12 శాతం వడ్డీ. మనవాడి లెక్కలో ఏడాదికి దాదాపు 44,900 రూపాయలు. సరైన కారణం లేకుండా ఆపితే అసలులో సగం దాకా జరిమానా కూడా పడొచ్చు. కొత్త కోడ్ వడ్డీ రేటును తాను చెప్పకుండా రూల్స్‌కు వదిలేసింది.

ఇప్పుడు అదే మనిషి ముప్పై మంది ఉన్న ఫ్యాక్టరీలో ఉన్నాడనుకుందాం. ఈఎస్ఐ ఉంది. ఇక్కడ 15,000 సీలింగ్ లేదు, అసలు జీతమే లెక్క. రోజుకు సగటున 600 అనుకుంటే అందులో 90 శాతం, అంటే 540 రూపాయలు. పనికి వెళ్లలేని అరవై రోజులకు, ఆదివారాలతో సహా, 32,400. ఆ తర్వాత మెడికల్ బోర్డు 20 శాతం అని తేలిస్తే, 540లో 20 శాతం, అంటే రోజుకు 108 రూపాయలు. నెలకు 3,240. ఇది బతికున్నంత కాలం వస్తుంది. ధరలను బట్టి అప్పుడప్పుడు పెంచుతారు. మళ్లీ అదే ఫ్యాక్టరీలో చేరినా, వేరే చోట ఎక్కువ జీతానికి వెళ్లినా ఆగదు. చాలామంది పనిలో చేరితే ఇది పోతుందని భయపడి ఇంట్లో కూర్చుంటారు. అది అనవసరం. పని చేయకూడనిది చికిత్సలో ఉన్న ఆ మొదటి రోజుల్లోనే. ఆ రోజులకు జీతం తీసుకుంటే 90 శాతం డబ్బు రాదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకేసారి వచ్చే 3,74,364ను నెలకు 3,240తో భాగిస్తే 115 నెలల పైచిలుకు. పదేళ్లు కూడా తిరక్కుండానే ఈఎస్ఐ డబ్బు దాన్ని దాటేస్తుంది. మనవాడి వయసు ముప్పై. మొత్తంగా ఒకేసారి చేతికి వచ్చే డబ్బు మీద మనకు మోజు ఎక్కువ, అప్పులున్నవాడికి అది సహజం కూడా. కానీ ఈఎస్ఐ వచ్చే అవకాశం ఉండి కూడా దాన్ని దాచిపెట్టి, "యాభై వేలు తీసుకో, అయిపోతుంది" అనే యజమాని ఏం తప్పించుకుంటున్నాడో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఈఎస్ఐ దారిలో పెద్ద గొయ్యి ఒకటుంది. దెబ్బను జబ్బుగా ఎక్కించడం. ఫ్యాక్టరీ నుంచి యాక్సిడెంట్ రిపోర్టు, అంటే ఫారం 12, వెళ్లకపోతే డిస్పెన్సరీలో ఇచ్చే సర్టిఫికెట్ మామూలు అనారోగ్యం కింద నడిచిపోతుంది. డబ్బు వస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ జబ్బు కింద వచ్చేది 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజులే. అన్నిటికంటే ముఖ్యంగా, జబ్బు అని రాసినంత కాలం మెడికల్ బోర్డు దాకా పోవడం ఉండదు. బోర్డు లేకపోతే జీవితాంతం వచ్చే ఆ 3,240 లేదు. కనిపెట్టడం తేలికే: బ్యాంకులో పడిన డబ్బును రోజులతో భాగించండి. మన ఉదాహరణలో రోజుకు 540 రావాలి. 420 వస్తుంటే మీ దెబ్బ జబ్బుగా మారిపోయిందని అర్థం. అప్పుడు ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకు వెళ్లి, ఇది పనిలో తగిలిన దెబ్బ, విచారణ జరపండి అని రాతపూర్వకంగా ఇవ్వాలి. యజమాని రిపోర్టు పంపకపోయినా కార్మికుడు తానే తెలియజేయొచ్చు. చేత్తో ఇచ్చిన కాగితానికి రసీదు ముద్ర వేయించుకోవడం మరిచిపోకండి. ఆ ముద్ర లేని దరఖాస్తు ఏ బల్ల మీద ఎప్పుడు మాయమవుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక ఆ తలుపు సందు దగ్గరికి. కేస్ షీట్‌లో తప్పు రాసినంత మాత్రాన కేసు పోదు, కానీ బరువు మీ మీద పడుతుంది. డైలో పడి నలిగి తెగిన గాయం ఒక రకంగా ఉంటుంది, తలుపులో పడిన గాయం ఇంకో రకంగా ఉంటుంది. సర్జన్ రాసిన ఆపరేషన్ నోట్స్‌లో ఆ తేడా తరచుగా కనిపిస్తుంది. ఆ రాత్రి పంచింగ్ రికార్డు, ఆసుపత్రికి వచ్చిన టైము, బిల్లు ఎవరు కట్టారన్నది, సూపర్‌వైజర్ ఫోన్ కాల్స్, పక్క మెషీన్ మీద ఉన్నవాడి మాట కూడా పనికొస్తాయి. ఇంట్లో దెబ్బ తగిలితే రాత్రి రెండు గంటలకు కంపెనీ ఖాతా నుంచి ఆసుపత్రి బిల్లు ఎందుకు కట్టారు? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకని యజమానులు చాలామందే ఉన్నారు. వీలైతే మొదటి రెండు రోజుల్లోనే డాక్టర్‌కు అసలు సంగతి చెప్పి సరిచేయించడం మంచిది. వేరే ఆసుపత్రికి మారితే అక్కడైనా మొదటి మాటగా "ఫ్యాక్టరీలో ప్రెస్ మీద" అని రాయించాలి.

యజమాని వైపు నుంచి ఎక్కువగా వినిపించే వాదన ఇంకొకటుంది: "వాడి అజాగ్రత్తే." ఇందులో నిజం ఉన్నా లేకపోయినా చట్టానికి దానితో పనిలేదు. తప్పు ఎవరిదని అడగకుండానే ఇచ్చేదే ఈ నష్టపరిహారం. యజమాని తప్పించుకోవాలంటే కార్మికుడు తాగి ఉండి ఆ మత్తు వల్లే ప్రమాదం జరిగిందనో, భద్రత కోసం ఇచ్చిన ఆదేశాన్ని కావాలనే ధిక్కరించాడనో, చేతికి దెబ్బ తగలకుండా మెషీన్‌కు పెట్టిన గార్డును కావాలనే తీసేశాడనో రుజువు చేయాలి. చావు గానీ పూర్తి శాశ్వత వైకల్యం గానీ అయితే ఆ వాదన కూడా చెల్లదు. ప్రెస్ షాపుల్లో గార్డు సంగతి అందరికీ తెలిసిందే. గార్డు ఉంటే ముక్కలు నెమ్మదిగా వస్తాయి. అందుకే దాన్ని తీగతో పైకి కట్టేసి ఉంచుతారు, షిఫ్ట్ ఇన్‌ఛార్జి రోజూ చూస్తూనే ఉంటాడు. అలాంటప్పుడు కావాలని తీసేశాడన్న మాట నిలబడదు. మూడు షిఫ్టులూ గార్డు లేకుండానే నడుస్తున్నాయని ఇద్దరు చెబితే చాలు.

కాంట్రాక్టర్ కింద పనిచేసేవాడిని "నువ్వు మా మనిషివి కాదు" అని గేటు దగ్గరే పంపేస్తారు. అదీ చెల్లదు. ఫ్యాక్టరీ పని ఫ్యాక్టరీ ఆవరణలో చేయించుకున్నాక, కాంట్రాక్టర్ ఎవరైనా ప్రధాన యజమానే చెల్లించాలి. తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవడం వాళ్ల తలనొప్పి. దరఖాస్తులో ఇద్దరి పేర్లూ పెట్టాలి. ఒక్క కాంట్రాక్టర్ పేరే పెడితే, వాడు బోర్డు మార్చేశాక ఎవరి దగ్గర వసూలు చేస్తారు?

స్టాంపు పేపరు మీద "ఇక నాకేమీ రావాల్సింది లేదు" అని సంతకం పెట్టించుకోవడం కూడా మామూలే. హక్కును వదులుకుంటున్నట్టు రాసుకున్న ఒప్పందం చట్టం ముందు చెల్లదు. రాజీ కుదిరితే అది కమిషనర్ దగ్గర రిజిస్టరు కావాలి. మొత్తం మరీ తక్కువగా ఉంటే కమిషనర్ ఒప్పుకోకపోవచ్చు కూడా. మనిషి చనిపోయిన కేసుల్లో ఇది ఇంకా కఠినం. డబ్బు నేరుగా భార్య చేతిలో పెట్టినా అది చెల్లించినట్టు కాదు, కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాల్సిందే. మనవాడే ఆ ప్రెస్ దగ్గర ప్రాణం పోగొట్టుకుని ఉంటే, ఈఎస్ఐ లేని పక్షంలో 15,000లో సగాన్ని 207.98తో హెచ్చించాలి. అది 15,59,850 రూపాయలు. అంత్యక్రియల మర్నాడు బంధువుల ముందు రెండు లక్షలు చేతిలో పెట్టడం ఎందుకు జరుగుతుందో ఇప్పుడు తెలుస్తుంది.

శాతం దగ్గర మాత్రం గుడ్డిగా షెడ్యూల్‌ను నమ్మొద్దు. షెడ్యూల్‌కు చెయ్యి తెలుసు గానీ, ఆ చేత్తో చేసే పని తెలియదు. 1976లో సుప్రీంకోర్టు ముందుకు ఒక వడ్రంగి కేసు వచ్చింది. ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేశారు. పట్టిక ప్రకారమైతే అది పాక్షిక వైకల్యమే. ఒంటి చేత్తో వడ్రంగం చేయడం సాధ్యం కాదు కాబట్టి అది పూర్తి వైకల్యమేనన్న కమిషనర్ నిర్ణయాన్ని కోర్టు సమర్థించింది. ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసు అంటారు దీన్ని. డబ్బు ప్రమాదం జరిగిన రోజు నుంచే బాకీ అని చెప్పింది కూడా ఇందులోనే. కాబట్టి మెడికల్ బోర్డు ముందుకైనా, కమిషనర్ ముందుకైనా వెళ్లేటప్పుడు "రెండు వేళ్లు పోయాయి" అని ఆపేయకండి. మిగతా వేళ్లు బిగుసుకుపోయాయా, పిడికిలి బిగుస్తుందా, మైక్రోమీటరు పట్టుకోగలరా, మళ్లీ ప్రెస్ మీద కూర్చోగలరా, ఇవన్నీ డాక్టర్ చేత రాయించి పట్టుకెళ్లాలి. ఈఎస్ఐ బోర్డు ఇచ్చిన శాతం తక్కువనిపిస్తే మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కు గానీ, ఉద్యోగుల బీమా కోర్టుకు గానీ వెళ్లొచ్చు.

పనికి వస్తూ పోతూ దారిలో తగిలిన దెబ్బ గురించి కూడా ఒక మాట. ఈఎస్ఐలో 2010 నుంచే ఇది ఉంది. నష్టపరిహార చట్టంలో మాత్రం స్పష్టంగా లేదు. 2025 జులైలో, చక్కెర ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్తూ దారిలో చనిపోయిన వాచ్‌మన్ కుటుంబం కేసులో సుప్రీంకోర్టు దాన్నీ కలిపింది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి జరిగే ప్రయాణానికీ ఉద్యోగానికీ సమయం, చోటు, పరిస్థితుల్లో సంబంధం కనబడితే చాలంది. కొత్త కోడ్‌లో ఇది నేరుగానే రాసి ఉంది.

ఈఎస్ఐ లేనివాళ్లు దరఖాస్తు పెట్టాల్సింది కార్మిక శాఖలో నష్టపరిహార కమిషనర్ బాధ్యత చూసే అధికారి దగ్గర. రెండేళ్లలోపు పెట్టాలి. ఆ తర్వాత కూడా సరైన కారణం చూపిస్తే తీసుకోవచ్చు గానీ, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అంతకంటే ముందు యజమానికి ఒక నోటీసు వెళ్లాలి: ఏ రోజు, ఏ టైముకు, ఏ మెషీన్ మీద, ఎలా జరిగిందో నాలుగు వాక్యాల్లో. రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకోండి. కమిషనర్ మీకు అనుకూలంగా చెప్పాక యజమాని హైకోర్టుకు వెళ్లొచ్చు. అయితే చేతులూపుకుంటూ వెళ్లలేడు. తీర్పులో ఉన్న మొత్తాన్ని కమిషనర్ దగ్గర డిపాజిట్ చేసినట్టు సర్టిఫికెట్ జత చేస్తేనే ఆ అప్పీలు తీసుకుంటారు. రాజీ మాటలు సాధారణంగా ఆ రోజే మొదలవుతాయి.